వంటింటి బల్ల దగ్గర ఏడుగురు: ఒక తిరుగుబాటు సీన్ కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో ఆడియో సీరియళ్ళకు స్టోరీ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. రైటర్ రాసిన ఎపిసోడ్ రికార్డింగ్‌కి వెళ్ళేలోపు నా దగ్గర ఆగుతుంది, ఎక్కడ బిగువు తగ్గిందో, ఎక్కడ వినేవాళ్ళు తప్పిపోతారో చూసి చెప్పడం నా పని. ఇప్పుడు చెప్పబోయే కేసులో ఒక్క సీన్‌ను ఐదుసార్లు తిరగరాశాం. అందులో మూడుసార్లు నేనిచ్చిన సలహాలే సీన్‌ను తప్పుదారి పట్టించాయి. అందుకే దీన్ని దాచకుండా రాస్తున్నాను. రైటర్ ఎవరో, సీరియల్ ఏదో తెలిసే వివరాలు తీసేశాను. పాత్రల్ని కూడా పేర్లతో కాకుండా నౌకలో వాళ్ళు చేసే పనితోనే పిలుస్తాను.

రైటర్ ఒక కుర్రాడు. పగలు వేరే ఉద్యోగం, రాత్రిళ్ళు రాస్తాడు. కథ ఒక సరుకు రవాణా నౌక మీద నడుస్తుంది, గ్రహాల మధ్య తిరిగే పాత నౌక, కెప్టెన్‌తో కలిపి ఎనిమిది మంది. ఆపదలో ఉన్న ఇంకో నౌక నుంచి పిలుపు వస్తే కెప్టెన్ దారి మళ్ళించేశాడు, ఎవర్నీ అడగలేదు. మిగతా ఏడుగురు రాత్రిపూట వంటగదిలో బల్ల చుట్టూ చేరి, ఆయన్ని దించేయాలా వద్దా అని వాదించుకుంటారు. సీరియల్ మొత్తానికి మలుపు ఇదే, ఎపిసోడ్ నిడివి పద్నాలుగు నిమిషాలు.

మొదటి డ్రాఫ్ట్‌లో ఆ గదిని 'గ్యాలీ' అని రాశాడు. ఓడల్లో వాడే మాట అదే, తప్పు కాదు. కానీ ఆడియోలో 'గ్యాలీలో ఏం జరుగుతోంది' అంటే సగం మందికి 'గాలిలో' అని వినిపిస్తుంది, అదీ గాలి కొరత మీద నడిచే కథలో. దాన్ని వంటగది చేశాం. కథలోకి వంటమనిషి బలంగా వచ్చింది కూడా ఆ ఒక్క మార్పు తర్వాతే, అది తర్వాత చెబుతాను.

సమస్య ఎలా బయటపడింది

చదివినప్పుడు సీన్ బాగానే ఉంది. ఏడుగురూ వేడిగా వాదిస్తున్నారు, మాటలు పదునుగా ఉన్నాయి. కానీ ఎందుకో టెన్షన్ రావట్లేదు. ఇలాంటప్పుడు నేనొక పరీక్ష చేస్తాను. డైలాగులన్నీ ప్రింట్ తీసి, పాత్రల పేర్లు కత్తిరించేసి, కథ తెలిసిన ముగ్గురు కొలీగ్స్‌కి ఇచ్చి ఏ మాట ఎవరిదో రాయమన్నాను. ముగ్గురిలో ఎవరూ మూడో వంతు కూడా సరిగ్గా పట్టుకోలేదు. ఇంజనీర్ మాటను డాక్టర్‌కి ఇచ్చారు, పైలట్ మాటను సరుకు లెక్కలు చూసే ఆయనకి ఇచ్చారు, ఇచ్చినా సీన్ ఏమీ చెడలేదు. అసలు జబ్బు అదే. ఆ బల్ల దగ్గర ఉన్నది ఏడుగురు కాదు, రెండే అభిప్రాయాలు. 'దించేద్దాం' అనే గొంతు ఒకటి నలుగురి నోట్లోంచి, 'వద్దు' అనే గొంతు ఒకటి ముగ్గురి నోట్లోంచి వస్తోంది.

చేసి చూసినవి, పనికిరానివి

నా మొదటి సలహా చాలామంది ఎడిటర్లు ఇచ్చేదే. ప్రతి మనిషికీ ఒక గతం ఇవ్వమన్నాను. నమ్మకంగా రాసుకొచ్చాడు. ఇంజనీర్‌కి చనిపోయిన తమ్ముడు, పైలట్‌కి సైన్యంలో జరిగిన అవమానం, ఇలా ఏడు గతాలు. చదివితే బల్ల దగ్గర ఒక్కొక్కరే లేచి తమ కథ చెప్పుకుని కూర్చుంటున్నారు. ఒకరు గతం చెబుతుంటే మిగతా ఆరుగురికి పని లేదు, వినడమే. వాదన ఆగిపోయింది. అప్పుడు నాకు అర్థమైందేంటంటే, గతం మనిషి ఎందుకలా ఉన్నాడో చెబుతుంది కానీ ఈ రాత్రి, ఈ బల్ల దగ్గర అతనికి ఏం కావాలో చెప్పదు.

రెండోసారి కెప్టెన్‌ని ఇంకొంచెం చెడ్డవాణ్ణి చేయమన్నాను, వాదనకి వేడి వస్తుందని. తాగుబోతు అయ్యాడు, నౌకలో అందరికన్నా చిన్నవాడైన కుర్రాణ్ణి కొట్టాడు. ఈ డ్రాఫ్ట్ అన్నిటికన్నా ఘోరం. కెప్టెన్ అంత చెడ్డవాడైతే దించేయడానికి ఇంక వాదన ఎందుకు? ఏడుగురూ ఒకటైపోయారు, పద్నాలుగు నిమిషాల సీన్‌లో నాలుగో నిమిషానికే తీర్పు వచ్చేసింది. తిరుగుబాటు చర్చ నిలబడాలంటే కెప్టెన్ చేసిన పని సగం న్యాయంగా ఉండాలి.

మూడోది యాసలు. ఒకరికి తెలంగాణ, ఒకరికి రాయలసీమ, ఒకరికి గోదావరి జిల్లాల మాట పెడదామన్నాను. గొంతులు విడిపోయాయి, నిజమే. కానీ పేర్లు కత్తిరించి మళ్ళీ పరీక్ష పెడితే కొలీగ్స్ యాసను బట్టి మనిషిని పట్టుకున్నారు తప్ప, 'ఇతనికి ఏం కావాలి' అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. పైగా డబ్బు గురించి మాట్లాడే మనిషికి తెలంగాణ మాట పడగానే అది కామెడీ వేషంలా వినిపించింది. మన సినిమాలు ఏళ్ళ తరబడి చేసిన ఆ పనిని, హైదరాబాద్‌లో కూర్చుని నేను మళ్ళీ చేయించబోయాను. ఆ డ్రాఫ్ట్ ఆ రోజే పక్కన పెట్టించాను.

టాంకర్ల మీటింగ్

నాలుగో డ్రాఫ్ట్ చెప్పిన రోజుకి రాలేదు. రెండు రోజుల తర్వాత ఆఫీసు దగ్గరి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ కారణం చెప్పాడు. "అక్కా, ఆదివారమంతా మా అపార్ట్‌మెంట్ మీటింగే తినేసింది. సెక్రటరీని దించాలని." ఎండాకాలం, బోరు ఎండిపోయింది, రోజూ టాంకర్లు, నెల మెయింటెనెన్స్ పెరిగిపోయింది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మూడు గంటలు వాదించుకున్నారట.

ఎవరేం మాట్లాడారని ఊరికే అడిగాను. చెబుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది. అందరూ మాట్లాడింది టాంకర్ బిల్లు గురించే, వేరే మాటే లేదు. కానీ ఒకాయన బిల్లులో తేదీలే అడుగుతున్నాడు, ఎందుకంటే ఆయన అంతకుముందు సెక్రటరీ, తన హయాంలో లెక్కలు ఎవరైనా తవ్వుతారేమోనని భయం. ఒకావిడ టాంకర్ ఎక్కడ ఆగుతోందని మాత్రమే అడుగుతోంది, ఆవిడ కారు పార్కింగ్‌కి అడ్డం. సెక్రటరీ వైపు గట్టిగా మాట్లాడిన అంకుల్‌కి ఆ పదవి తన మెడకి చుట్టుకుంటుందని దిగులు, ఇంకెవరూ చేయరు కాబట్టి. ఒక్కరు కూడా తమకు కావలసింది నోరు తెరిచి చెప్పలేదు. కానీ బిల్లులో ఏ గడి మీద వేలు పెట్టారో చూస్తే మనిషి దొరికిపోతున్నాడు.

చాయ్ చల్లారిపోయింది. నీ నౌకలో టాంకర్ బిల్లు ఏదో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి "ఆక్సిజన్" అన్నాడు.

అప్పటిదాకా 'ఆక్సిజన్ చాలదు' అని ఒక్క ముక్కే ఉండేది. దాన్ని నిజమైన లెక్క చేద్దామని కూర్చున్నాం. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ అని అంతరిక్ష నౌకల డిజైన్‌లో లెక్కవేస్తారు. నౌకలో ఆక్సిజన్ తయారుచేసే యంత్రం చెడిపోయింది, నిల్వ ఉన్నదే ఆధారం, అది 190 కిలోలు అనుకున్నాం. ఆపదలో ఉన్న నౌకను చేరడానికి 9 రోజులు, అక్కడున్న 11 మందిని ఎక్కించుకుని రేవు చేరడానికి ఇంకో 10 రోజులు. మొదటి 9 రోజులు ఎనిమిది మందికి 60 కిలోల పైన, తర్వాతి 10 రోజులు పంతొమ్మిది మందికి 160 కిలోలు, మొత్తం 220. అంటే 30 కిలోలు తక్కువ, రెండు రోజుల గాలి కూడా కాదు. ఆ నౌకలో ఆ మాత్రం ఆక్సిజన్ మిగిలే ఉంటుందని కెప్టెన్ నమ్మకం, కానీ రుజువు లేదు. ఈ 30 కోసం అంకెలు చాలాసేపు సర్దాం. 100 కిలోలు తక్కువైతే కెప్టెన్ పిచ్చివాడు, 5 కిలోలు తక్కువైతే సిబ్బంది పిరికివాళ్ళు. 30 దగ్గర రెండు పక్షాలకీ గౌరవం మిగులుతుంది.

ఇంకో నిజం కూడా కథకి అక్కరకొచ్చింది. మూసేసిన చోట ఆక్సిజన్ అయిపోవడం కన్నా ముందు, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమే ప్రమాదం తెస్తుంది. 1970లో అపోలో 13 వాళ్ళకి జరిగింది అదే. ఇద్దరి కోసం చేసిన చంద్ర మాడ్యూల్‌లో ముగ్గురు తలదాచుకున్నారు, ఆక్సిజన్ ఉంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఫిల్టర్లు చాలలేదు. దాని మొదటి లక్షణం తలనొప్పి, మందకొడితనం. మా సీన్‌లో కుర్రాడు మొదటి నిమిషంలోనే డాక్టరమ్మని తలనొప్పి మాత్ర అడుగుతాడు. వినేవాళ్ళు పట్టించుకోరు. ఆ రోజు అది మూడో మాత్ర అని డాక్టర్‌కి మాత్రం గుర్తుంది.

పనిచేసింది

తర్వాత ఒక్కో మనిషి గురించి రెండే ప్రశ్నలు వేసుకున్నాం. తిరుగుబాటు గెలిచిన మర్నాడు పొద్దున ఇతనికి ఏం మిగులుతుంది? ఆ లెక్కలో ఇతను ఏ అంకె మీద వేలు పెడతాడు? రెండో ప్రశ్నకి జవాబు వస్తేనే డైలాగ్ రాయమన్నాను.

ఇంజనీర్ దించేద్దామంటుంది. అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే, 30 కిలోలు అని పదిసార్లు అంటుంది. కానీ ఫిల్టర్ల మాట వచ్చిన ప్రతిసారీ ఆక్సిజన్ వైపు తిప్పేస్తుంది. పోయిన రేవులో ఫిల్టర్లు మార్చకుండానే మార్చినట్టు సంతకం పెట్టేసింది. ఎనిమిది మందికి అవి ఎలాగో సరిపోతాయి, పంతొమ్మిది మంది ఊపిరి తీస్తే ఆ సంతకం బయటపడుతుంది. ఇది ఆవిడ నోటితో చెప్పదు, ఈ ఎపిసోడ్‌లో ఎవరూ చెప్పరు.

రేడియో చూసే అతను వద్దంటాడు. లెక్కలో అతను పట్టుకున్న అంకె 11. మిగతావాళ్ళు 'పది పదకొండు మంది' అంటుంటే ప్రతిసారీ సరిచేస్తాడు. "పదకొండు. పన్నెండేళ్ళ పాపతో కలిపి." నీకెలా తెలుసని ఎవరో అడిగాక గానీ తెలియదు, మూడు రాత్రులుగా వాళ్ళతో మాట్లాడుతున్నాడని, కెప్టెన్ చెప్పకముందే 'వస్తున్నాం' అని మాటిచ్చేశాడని. దారి మళ్ళింది కెప్టెన్ వల్ల కాదు, ఈ మాట వల్ల. ఇది బయటపడేసరికి తొమ్మిదో నిమిషం. అంతవరకు కెప్టెన్ మీదున్న కోపమంతా దిక్కు మారుతుంది.

పైలట్‌ది నాకు బాగా నచ్చింది. కెప్టెన్ పోతే కుర్చీ అతనిదే, కాబట్టి దించేద్దామంటాడని అందరూ అనుకుంటారు, మొదటి డ్రాఫ్ట్‌లో అలాగే రాశాడు కూడా. ఇప్పుడతను వద్దంటాడు. అడిగేది ఒక్కటే, "లాగ్ పుస్తకంలో సంతకం ఎవరు పెడతారు?" ఆ 11 మందిని వదిలేసి వెనక్కి తిరిగిన నౌకకి కెప్టెన్‌గా తన పేరు ఉండటం అతనికి ఇష్టం లేదు. వాళ్ళ మీద జాలి ఉందా అంటే, పెద్దగా లేదు.

డాక్టర్ దించేద్దామంటుంది, మిగతావాళ్ళకి అది నమ్మబుద్ధి కాదు. నౌకలో పంతొమ్మిది మంది అయ్యాక గాలి చాలకపోతే ఎవరిని వదిలేయాలో తేల్చమని అడిగేది తననే అని ఆవిడకి తెలుసు. ఆ ప్రశ్న తన దాకా రాకుండా ఉండాలంటే నౌక వెనక్కి తిరగాలి. సరుకు లెక్కల ఆయన మాత్రం దాపరికం లేకుండా ఆలస్యానికి పడే జరిమానా గురించే మాట్లాడతాడు, రోజుల అంకె తప్ప ఇంకేదీ చూడడు. విచిత్రమేంటంటే చివరికి అందరూ నమ్మేది ఆయన మాటనే, ఎందుకంటే ఆ బల్ల దగ్గర తనకు కావలసింది తన నోటితో చెప్పింది ఆయనొక్కడే.

ఇక వంటమనిషి. మొదటి డ్రాఫ్టుల్లో చాయ్ పోసి పక్కన నిలబడేవాడు. గదిని వంటగది అన్నాక, అసలు వీళ్ళు ఇక్కడే ఎందుకు చేరారు అనే ప్రశ్న వచ్చింది. జవాబు వెతికితే సీన్‌కి వెన్నెముక దొరికింది. కెప్టెన్ గది తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకుంటుంది, పొద్దున ఆరింటికి వంటచేసే పెద్దాయన టిఫిన్ తీసుకెళ్ళినప్పుడు తప్ప కెప్టెన్ తెరవడు. అంటే ఆరుగురు కలిసి ఎంత తీర్మానించుకున్నా, తిరుగుబాటు జరగాలంటే పెద్దాయన ఆ కంచం పట్టుకుని ముందు నడవాలి. దాంతో 'దించాలా వద్దా' అనే గాలి చర్చ 'పెద్దాయన వెళ్తాడా లేదా' అనే చేతికందే ప్రశ్న అయింది.

పెద్దాయన చివర్లో సరే అంటాడు. కెప్టెన్ మీద ప్రేమతో. చాలా ఏళ్ళ కింద ఇద్దరూ కలిసి ఇలాంటి పిలుపునే విననట్టు వెళ్ళిపోయారు, కెప్టెన్ ఆ పాపం కడుక్కోవడానికి ఇప్పుడు ప్రాణం ఇచ్చేస్తాడని పెద్దాయన భయం. ఇంజనీర్‌దీ ఈయనదీ ఒకే ఓటు, ఒకరిది తనను కాపాడుకోవడం, ఇంకొకరిది తాను దించబోయే మనిషిని కాపాడటం. నాలుగో డ్రాఫ్ట్‌లో ఇవన్నీ పడ్డాక కొలీగ్స్‌తో మళ్ళీ పరీక్ష పెట్టించాను. దాదాపు అన్ని మాటలూ సరైన మనిషికే వెళ్ళాయి, యాస ఏదీ లేకుండానే.

కంచం

ఐదో డ్రాఫ్ట్ ఒక్క వస్తువు కోసం రాశాం. ఎవరు మొదట ఒప్పుకోవాలి అనే దగ్గర సీన్ తడబడుతోంది, అందరూ పక్కవాడి ముఖం చూస్తున్నారు. పాత కాలం ఓడల్లో నావికులకి ఇదే చిక్కు ఉండేది. అర్జీ మీద మొదట సంతకం పెట్టినవాణ్ణి నాయకుడనుకుని ఉరితీస్తారు. అందుకని పేర్లను చక్రంలా గుండ్రంగా రాసేవాళ్ళు, ఎవరు మొదలో ఎవరు చివరో తెలియకుండా. ఈ సంగతి అతనికి చెప్పాను. మర్నాటికి కాగితం బదులు స్టీలు కంచం తెచ్చాడు, బల్ల మీద ఉండేది అదేగా. కంచాన్ని బోర్లించి, సరుకు డబ్బాల మీద నంబర్లు వేసే మార్కర్‌తో వెనకవైపు అంచు చుట్టూ రాస్తారు. పైలట్, రేడియో అతను కూడా రాస్తారు, ఓడిపోయినా విడిగా కనబడకూడదని. ఇలాంటివాళ్ళు నిజం తిరుగుబాట్లలోనూ ఉన్నారు. 1789లో బౌంటీ ఓడలో కెప్టెన్‌ని పడవలోకి దించేసినప్పుడు, ఆయన వైపు ఉండి కూడా ఓడలోనే ఉండిపోవాల్సి వచ్చినవాళ్ళు కొందరున్నారు.

ముగింపు దగ్గర మేమిద్దరం గొడవపడ్డాం. పెద్దాయన ఆ కంచాన్ని కడిగేయాలని నా వాదన. అతను ఒప్పుకోలేదు. ఆరింటికి పెద్దాయన అదే కంచంలో ఉప్మా పెట్టుకుని తలుపు తట్టాలి, పేర్లు కిందవైపు, కెప్టెన్ వేళ్ళకి తగిలేలా. "అక్కా, ఆయన వెళ్తానని మాటిచ్చాడు, వెళ్ళాడు. కెప్టెన్‌కి చెప్పకుండా దించనని తనకు తాను ఇచ్చుకున్న మాట కూడా ఉంది కదా." నేను ఒక రాత్రి ఆలోచించి ఊరుకున్నాను. కడిగేస్తే పెద్దాయన ఒక పక్షం తీసుకున్నట్టు. ఉప్మా పెడితే ఆయన రెండు మాటలూ నిలబడతాయి, నిర్ణయం కెప్టెన్ చేతికి వెళ్తుంది.

ఒక్క మనిషి మాత్రం చివరివరకు కుదరలేదు. కుర్రాడు. అతనికి కావలసింది ఆ ఆరుగురూ తనను తమలో ఒకడిగా లెక్కపెట్టడం, అది కాగితం మీద బాగానే ఉంది. కానీ లెక్కలో అతను వేలు పెట్టే అంకె మాకు దొరకలేదు. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ అంకెనే తిరిగి చెబుతాడని రాశాం, వినేటప్పుడు అది మనిషి లక్షణంలా కాక రైటర్‌కి ఏం రాయాలో తెలియనట్టే ఉంది. రికార్డింగ్ తేదీ దగ్గరపడి అలాగే వదిలేశాం.

రికార్డింగ్ రోజు సౌండ్ చూసే అబ్బాయి లైబ్రరీలో ఉన్న శబ్దాలేవీ నచ్చక, క్యాంటీన్ నుంచి స్టీలు కంచం తెప్పించి, మైకు దగ్గర బోర్లించి మార్కర్‌తో రాసి చూశాడు. కీచుమని సన్నగా, గుండ్రంగా తిరిగే శబ్దం. ఏడు పేర్లు కాబట్టి ఏడుసార్లు రాయించాం. ఆరోది రాసేటప్పుడు మార్కర్ ఆరిపోవడం మొదలైంది, ఏడోది కుర్రాడి పేరు, సగం గీతలే పలికాయి. దాన్ని మార్చకుండా అలాగే ఉంచుకున్నాం.